పడుకోనివ్వండి అన్న మాట

మొన్న డిసెంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం రెండు గంటలకు మా చిన్నమ్మ కొడుకు ఫోను చేశాడు. నేను న్యూజెర్సీలో ఉన్నాను, వాడు పరకాల దగ్గర ఊళ్లో ఉన్నాడు. అక్కడ రాత్రి పన్నెండున్నర. తెల్లవారితే ఇంట్లో పెళ్లి. "అక్కా, ఊరికే అడుగుతున్నాను. తాగి పడుకున్న మనిషి గురక పెడుతున్నాడంటే బాగానే ఉన్నట్టు కదా?" అన్నాడు.

నేను పదహారేళ్లుగా ఎమర్జెన్సీ విభాగంలో నర్సును. ఆ "ఊరికే" అన్న మాట నన్ను భయపెట్టింది. వీడియో పెట్టమన్నాను.

వరండాలో సిమెంటు నేల మీద ఇరవై మూడేళ్ల కుర్రవాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పెళ్లికొడుకు స్నేహితుడట. తల కింద రెండు దిండ్లు. మత్తు దిగాలని ఎవరో బకెట్టు నీళ్లు కుమ్మరించినట్టున్నారు, చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. కొంచెం దూరంలో ఒక పెద్దాయన గొంతు వినిపించింది. "వదిలేయండి, పడుకోనివ్వండి. తెల్లారేసరికి దిగిపోతుంది."

మన ఇళ్లలో ఈ మాటను దయతోనే అంటారు. అందుకే దాన్ని ఎదిరించడం కష్టం. దుప్పటి కప్పి, దీపం ఆర్పి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోవడం మర్యాదగా కనిపిస్తుంది. కానీ మద్యం విషంగా మారిన మనిషి చనిపోయేది చాలాసార్లు ఆ మూసిన తలుపు వెనకే. ఈ ఒక్క మాటను మన నోటి నుంచి తీసేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అందుకు కారణం మద్యం ఒంట్లోకి చేరే తీరులోనే ఉంది.

గ్లాసు కింద పెట్టగానే మత్తు ఎక్కడం ఆగదు. మద్యం ఎక్కువ భాగం చిన్నపేగులో రక్తంలోకి చేరుతుంది. చివరి గుటక తరువాత కూడా అరగంట నుంచి గంటన్నర దాకా రక్తంలో దాని మోతాదు పెరుగుతూనే ఉండవచ్చు. కడుపు నిండా భోజనం చేసి ఉంటే ఆ శిఖరం కాస్త తగ్గుతుంది, కానీ ఇంకా ఆలస్యంగా వస్తుంది. కాబట్టి పన్నెండు గంటలకు తూలుతూ, మాట్లాడుతూ పడుకున్నవాడు ఒంటిగంటకు అంతకంటే లోతైన మత్తులో ఉండవచ్చు. నిద్ర దాన్ని తగ్గించదు, మన కంటికి కనబడకుండా చేస్తుంది, అంతే.

ఆ కుర్రవాడు ఎంత తాగాడని అడిగితే "రెండు పెగ్గులే" అన్నారు స్నేహితులు. సీసాలు లెక్కపెట్టమన్నాను. గంటన్నరలో క్వార్టరున్నర విస్కీ, చివరి గ్లాసు నీళ్లు కలపకుండా, పదకొండు ముప్పావుకు. మన దగ్గర దొరికే విస్కీలో మద్యం సాధారణంగా 42.8 శాతం ఉంటుంది. ఆ లెక్కన 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో అసలు మద్యం దాదాపు 60 గ్రాములు. కాలేయం గంటకు తీసివేయగలిగేది సుమారు 7 నుంచి 10 గ్రాములు. అంటే వాడు తాగిన 90 గ్రాములు ఒంట్లోంచి పోవడానికి తొమ్మిది నుంచి పదమూడు గంటలు పడుతుంది. కాఫీ, మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, చన్నీళ్ల స్నానం ఏవీ ఆ వేగాన్ని పెంచలేవు.

ముందు వాణ్ణి లేపి చూడమన్నాను. పేరు పెట్టి గట్టిగా పిలవాలి, భుజం తట్టాలి, మెడకూ భుజానికీ మధ్య కండరాన్ని గట్టిగా నొక్కాలి. మామూలుగా నిద్రపోయేవాడు విసుక్కుంటాడు, చెయ్యి తోసేస్తాడు. వీడు కళ్లు తెరవలేదు. ఇక రెండో ప్రశ్న అక్కర్లేదు, 108కు ఫోను చేయాలి. పన్నెండు నలభైకి ఇంకొక కుర్రవాడు చేశాడు. లేపితే లేవకపోవడం ఒక్కటి చాలు. మిగతా గుర్తులన్నీ కలిసి వచ్చేదాకా ఆగకూడదు.

తరువాత ఊపిరి లెక్కపెట్టించాను. పొట్ట మీద కళ్లు పెట్టి, గడియారం చూస్తూ, పూర్తిగా ఒక నిమిషం. పెద్దవాళ్లు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. ఎనిమిది కన్నా తగ్గినా, ఒక ఊపిరికీ మరొక ఊపిరికీ మధ్య పది సెకన్లు గడిచినా ప్రాణాపాయం. మా తమ్ముడు తొమ్మిది లెక్కపెట్టాడు, మధ్యలో ఒకసారి చాలాసేపు ఆగిందన్నాడు. పెదవులు, చిగుళ్లు, గోళ్లు చూడమన్నాను. మన చామనఛాయ ఒంటి మీద నీలిరంగు తేలిగ్గా కనబడదు, అక్కడే వెతకాలి. గోళ్లు పాలిపోయి ఉన్నాయి, ఒళ్లు చల్లగా, జిగటగా ఉంది.

ఇక ఆ గురక. అది గురక కాదు. మత్తులో నాలుక, గొంతు కండరాలు వదులై వెనక్కి జారి గాలి దారిని సగం మూసినప్పుడు వచ్చే చప్పుడు. తల కింద దిండ్లు గడ్డాన్ని ఛాతీ వైపు వంచి ఆ దారిని ఇంకా మూస్తాయి. గరగరమని తడి శబ్దం వస్తే గొంతులో లాలాజలమో వాంతో ఉందని అర్థం. మామూలు మనిషికి గొంతులో ఏదైనా అడ్డం పడితే పొలమారుతుంది, దగ్గు వస్తుంది. ఈ స్థితిలో ఆ రక్షణ కూడా మత్తులోనే ఉంటుంది. వచ్చిన వాంతి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోట్లో వేళ్లు పెట్టి కక్కించడం, ఉప్పునీళ్లు తాగించడం ఇందుకే చేయకూడదు. స్పృహ లేనివాడి నోట్లో చెంచాడు మజ్జిగ కూడా పోయకూడదు.

దిండ్లు తీయించి, పక్కకు తిప్పించాను. ఈ పని ఫోనులో చెప్పి చేయించవచ్చు, అందుకే వివరంగా రాస్తున్నాను. మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చోవాలి. మీ వైపున్న చేతిని భుజానికి అడ్డంగా చాపి, మోచేతి దగ్గర మడిచి, అరచేయి పైకి ఉండేలా పెట్టాలి. అవతలి చేతిని ఛాతీ మీదుగా తెచ్చి, ఆ చేతి వెనక భాగాన్ని మీ వైపున్న చెంపకు ఆనించి పట్టుకోవాలి. రెండో చేత్తో అవతలి మోకాలిని పైకి మడిచి, పాదం నేలకు ఆనాక, ఆ మోకాలిని మీ వైపు లాగాలి. మనిషి మొత్తం సులువుగా మీ వైపు దొర్లుతాడు. పైకాలు తుంటి దగ్గరా మోకాలి దగ్గరా మడిచి ఉంచితే బోర్లా పడడు. చివరగా గడ్డాన్ని పైకెత్తి తలను కొంచెం వెనక్కి వంచాలి, నోరు నేల వైపు ఉండాలి.

తిప్పగానే ఆ చప్పుడు ఆగింది. ఊపిరి లెక్క మాత్రం తొమ్మిది, పది దగ్గరే ఉంది. పక్కకు తిప్పితే మత్తు తగ్గదు, గాలి దారి తెరుచుకుంటుంది. కాబట్టి తిప్పేసి లేచి వెళ్లకూడదు. తడి చొక్కా తీయించి, పొడి దుప్పటి ఒకటి కిందికి, ఒకటి పైకి వేయించాను. మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి ఒంటి వేడిని బయటికి పంపేస్తుంది. డిసెంబరు రాత్రి, సిమెంటు నేల, పైన బకెట్టు నీళ్లు అంటే అది మందు కాదు, మరొక దెబ్బ.

ఈలోగా ఆ పెద్దాయన మళ్లీ వచ్చారు. "పెళ్లి ఇంటి ముందుకు అంబులెన్సు వస్తే అపశకునం, ఊరంతా ఏమనుకుంటుంది, దాన్ని రావద్దని చెప్పండి" అన్నారు. నేను కోపంగా మాట్లాడలేదు. "బాబాయ్, మీరు వీడి పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టండి. ఆగిపోతే నాకు చెప్పండి" అన్నాను. ఆయన కూర్చున్నారు. రెండు నిమిషాల తరువాత ఆయనే గేటు తీయించి, రోడ్డు మీదికి ఇద్దరిని టార్చిలైటుతో పంపారు. ఊపిరిని స్వయంగా లెక్కపెట్టిన మనిషి పరువు గురించి మాట్లాడడం నేను ఇంతవరకు చూడలేదు.

ఊపిరి నిజంగా ఆగితే, లేక చేప ఒడ్డున పడ్డట్టు ఎప్పుడో ఒకసారి నోరు తెరిస్తే, వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో రెండు చేతులతో అయిదారు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. ఆ రాత్రి ఆ అవసరం రాలేదు.

అంబులెన్సు వచ్చేలోపు రెండు విషయాలు కనుక్కోమన్నాను. మొదటిది, ఎక్కడైనా పడి తలకు దెబ్బ తగిలిందా అని. తలలో రక్తస్రావం కూడా తాగిన మత్తులాగే కనిపిస్తుంది. రెండోది, షుగరుకు మాత్రలో ఇన్సులినో వాడతాడా అని. మద్యం కాలేయాన్ని కొత్తగా చక్కెర తయారు చేయనివ్వదు. షుగరు బాగా పడిపోయిన మనిషిని చూసి తాగి పడిపోయాడనుకున్న సందర్భాలు నా డ్యూటీలోనే ఉన్నాయి.

మన ప్రాంతానికి ఇంకొక ప్రశ్న కూడా ఉంది: కల్లు తాగాడా? చెట్టు కల్లులో మద్యం తక్కువ. కానీ కొన్ని చోట్ల కల్లు కాంపౌండుల్లో క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, అల్ప్రాజోలాం లాంటి మత్తు మందులు కలుపుతారన్నది తెలంగాణలో పోలీసు కేసులకెక్కిన విషయం. అవి విస్కీతో కలిస్తే ఒకదాని బలం ఇంకొకదానికి తోడై ఊపిరిని అణిచేస్తాయి. రెండు సీసాల కల్లుకే మనిషి లేవకపోతే అందులో ఏదో కలిసి ఉందనే అనుకోవాలి, ఆ మాట 108 వాళ్లకు దాచకుండా చెప్పాలి. నాటుసారా, ఊరూపేరూ లేని సీసా అయితే మిథనాల్ భయం వేరు. అప్పటికి బాగానే ఉండి, సగం రోజో ఒక రోజో గడిచాక చూపు మసకబారడం, కడుపునొప్పి, ఆయాసం మొదలవుతాయి. అది "హ్యాంగోవర్" అనుకుని ఇంట్లో ఉంచితే కళ్లు పోతాయి, ప్రాణమూ పోతుంది.

ఒంటిగంటకు, అంటే తిప్పిన పావుగంటకు, ఆ కుర్రవాడు నిద్రలోనే వాంతి చేసుకున్నాడు. దగ్గలేదు, కదలలేదు. మాంసం, బగారన్నం మెతుకులు నోటి పక్క నుంచి జారి దుప్పటి మీద పడ్డాయి. మా తమ్ముడు బట్ట చుట్టిన వేలితో చెంపలోపల కనబడుతున్నంత వరకే తుడిచాడు. ఫోనులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అంతకుముందు లాగే వెల్లకిలా పడుకుని ఉంటే అది ఎటు పోయేదో వాళ్లకు నేను విడమరిచి చెప్పనవసరం లేకపోయింది.

ఒంటిగంటా అయిదుకు అంబులెన్సు వచ్చింది. ఏం తాగాడు, ఎంత, చివరి గ్లాసు ఎప్పుడు, ఊపిరి ఎన్ని, ఎన్నింటికి వాంతి అయింది అన్నీ మా తమ్ముడు పెళ్లి శుభలేఖ వెనక రాసి ఉంచాడు. ఆ కాగితాన్ని 108 సిబ్బందికి ఇచ్చి వాళ్లతో పాటే ఎక్కాడు. వరంగల్ చేరాక ఆక్సిజన్ పెట్టి, షుగరు చూసి, సెలైన్ ఎక్కించి, ఊపిరి మీద కన్నేసి ఉంచారు. మద్యానికి విరుగుడు ఇంజక్షన్ లేదు. ఆసుపత్రి చేసేది కూడా ముఖ్యంగా మనిషి పక్కన మెలకువగా ఉండడమే, కాకపోతే ఊపిరి ఆగితే అందించే యంత్రాలు అక్కడ ఉంటాయి.

మర్నాడు సాయంత్రం ఆ కుర్రవాడు లేచి కూర్చున్నాడని మెసేజ్ వచ్చింది. తరువాత ఆ పెద్దాయన నాకు ఫోను చేశారు. పక్కకు ఎలా తిప్పాలో ఇంకొకసారి చెప్పమని అడిగారు, ఏ చెయ్యి ముందు అన్నది మరిచిపోయారట.