టేకు కుర్చీకి చెదలు పట్టించినా

కడపలో మా మామకు ఫర్నిచర్ అంగడి ఉంది. పోయిన వారం ఒక టేకు కుర్చీ ఫోటో పంపి "ఫ్లెక్సీకి కావాల్రా అల్లుడూ, వెనకాల ఉండేదంతా తీసేసి కుర్చీ ఒక్కటే ఇయ్యి" అన్నాడు. ఐదు నిమిషాల పనిలే మామా అని నోరు జారినా.

కుర్చీ ముదురు పాలిష్, కిందేమో నల్ల కడప బండలు. ఫోటోషాప్‌లో మ్యాజిక్ వాండ్‌తో నేల మీద ఒక క్లిక్ కొడితే బండలతో పాటు కుర్చీ రెండు కాళ్లూ సెలెక్ట్ అయిపోయినాయి, దానికి రంగు తప్ప కాలేదో బండేదో ఏం తెలుసు పాపం. ఇంక పెన్ టూల్ తీసినా.

తిన్నగా ఉండే అంచుకు ఈ మూల ఒక క్లిక్, ఆ మూల ఒక క్లిక్ చాలు, వంపు వచ్చిన చోట మాత్రం క్లిక్ చేసి పట్టుకుని లాగాల. ఈ సంగతి నాకు తెలుసు, కానీ గీత తప్పుతాదేమో అని భయమేసి చెయ్యి ఆనించుకునే కర్ర పొడుగునా నలభై చుక్కలు పెట్టినా. ఒక్కో చుక్క ఒక పిక్సెల్ అటో ఇటో పడి అంచంతా గతుకులే. చూపించినా.

"టేకుకు చెదలు పట్టవని చెప్పి అమ్ముతాండా, నువ్వు ఫోటోలోనే పట్టించినావు గదరా!"

మళ్లీ గీసినా. ఈసారి కర్రకు మూలల్లో నాలుగే చుక్కలు, అదీ అంచుకు ఒక పిక్సెల్ లోపలికి, లేకుంటే వెనక గోడ పిస్తా రంగు సన్నటి గీత మాదిరి కుర్చీకి అంటుకొనే వస్తాది. Ctrl+Enter కొట్టి, Delete కొట్టి, జెపెగ్ చేసి వాట్సాప్‌లో పెట్టి, టీ తాగుదామని లేచినా.

"కుర్చీకి సున్నం కొట్టినావేందిరా?" అని ఫోను.

చూస్తే గోడ ఉంది, బండలు ఉండాయి, నడుమ కుర్చీ ఆకారంలో తెల్లటి బొక్క. Ctrl+Enter సెలెక్ట్ చేసేది గీత లోపలుండే కుర్చీని కదా, Delete కు ముందు Ctrl+Shift+I తో తిరగేయడం మర్చిపోయినా. నయం, ఫైలు మూయలేదు. Ctrl+Z కొట్టి, తిరగేసి, బ్యాక్‌గ్రౌండ్ పీకేసి, పీఎన్‌జీ చేసి నేరుగా ఫ్లెక్సీ అంగడికే పంపినా, మామకు చూపిస్తే మళ్లీ ఏమంటాడో అని.

ఫ్లెక్సీ కట్టినాక చూసినా. వీపు ఆనే చోట ఆరు నిలువు బద్దలు, వాటి మధ్య ఐదు సందులు, ఐదింట్లోనూ గోడ పిస్తా రంగు. నేను గీసింది బయటి గీత ఒక్కటే, దాని లోపల ఉండేదంతా కుర్చీ కిందే లెక్క. ఒక్కో సందు చుట్టూ విడిగా గీసి Exclude Overlapping Shapes పెట్టి ఉంటే అవీ పోయేటివి.

సాయంత్రం మామ ఫోను. తిట్లకు రెడీగా ఎత్తినా.

"ఒరేయ్, ఆ పచ్చ కుషన్ కుర్చీలు రెండు కావాలని ఒకాయన అడ్వాన్స్ ఇచ్చిపోయినాడు. ఆ కుషన్ యాడ దొరుకుతాదిరా?"