మిద్దె మీద రొయ్యల గుంట

మా కరివేపాకు చెట్టుకు ఆకుల కొసలు మాడడం మొదలై నెల దాటింది. దిష్టి తగిలిందని మా ఆవిడ ఎండుమిరపకాయలు తిప్పి పోసింది. నేను అలా సరిపెట్టుకునే మనిషిని కాను, కారణం కావాలి. నీళ్లు చాలకపోతే చెట్టు మొత్తం వాడుతుంది. నత్రజని చాలకపోతే ముదురాకు ఒకే తీరుగా పసుపెక్కుతుంది. ఇక్కడ ఆకు నడుమ పచ్చగానే ఉంది, కొసా అంచూ మాత్రం ఎవరో అగరవత్తితో వరసగా చురకలు పెట్టినట్టున్నాయి. ఇది ఉప్పు చేసే పని. వేరు నీళ్లతో పాటు ఉప్పును కూడా పైకి తెస్తుంది, నీళ్లు ఆకులోంచి ఆవిరైపోతాయి, ఉప్పు కొసలో మిగిలిపోతుంది.

ఉప్పు ఎక్కడిదన్నది కూడా నాకు తెలుసని అనుకున్నాను. కుండీల్లో సగానికి సగం కోకోపీట్. కొబ్బరి పీచు పొట్టులోనే పొటాషియం, సోడియం ఉప్పులుంటాయి. బాగా కడగకుండా ఇటుక కొట్టి అమ్మితే ఆ ఉప్పంతా మన కుండీలోకే వస్తుంది. దానికి తోడు మా వేదాయపాళెం ఇంట్లో బోరు నీళ్లు. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. నేరస్తులు దొరికారు, ఇక సాక్ష్యమే కావాలి. అందుకని ఆన్‌లైన్‌లో రెండు పెన్నులు తెప్పించాను, ఒకటి పీహెచ్‌కి, ఒకటి ఈసీకి. ఈసీ అంటే నీళ్లలోంచి కరెంటు ఎంత తేలిగ్గా పోతుందో చెప్పే అంకె. ఉప్పు ఎంత కరిగి ఉంటే అంకె అంత పెద్దది.

పరీక్ష కష్టమేం కాదు. ముందు కుండీకి మామూలుగా నీళ్లు పెట్టి గంటసేపు వదిలేయాలి. మట్టి పూర్తిగా తడిసి, అదనపు నీళ్లు కారిపోయాక అడుగున పళ్లెం పెట్టి, పైనుంచి మంచి నీళ్లు నెమ్మదిగా పోయాలి. పోసిన నీళ్లు లోపలున్న నీళ్లను కిందకి నెడతాయి. వేళ్ల దగ్గర ఉన్న నీళ్లే పళ్లెంలోకి వస్తాయి. పది లీటర్ల పెయింటు బక్కెట్టుకు మూడు వందల యాభై మిల్లీలీటర్లు పోస్తే చాలు. మొదట కారిన యాభై మిల్లీలీటర్లు పట్టుకుని కొలవాలి. ఎక్కువ పోసి ఎక్కువ పడితే, మన నీళ్లు మనకే తిరిగొచ్చి అంకె తక్కువ చూపిస్తుంది. ఈ పద్ధతిలో కూరగాయలకు ఈసీ రెండు నుంచి మూడున్నర మిల్లీసీమెన్స్ మధ్య ఉంటే ఫరవాలేదు. ఆరు దాటిందంటే వేళ్లు కాలుతున్నట్టే.

శనివారం సాయంత్రం మా ఆవిడ కాఫీ గ్లాసులు మూడు తీసుకుని మిద్దెక్కాను. ఈ సంగతి ఆమెకు ఆదివారం దాకా తెలియదు. కరివేపాకు ఉన్న నలభై లీటర్ల నీలం డ్రమ్ము, ఒక వంకాయ బక్కెట్టు, ఒక టమాటా బక్కెట్టు, మూడింటి నీళ్లూ పట్టాను. పీహెచ్ పెన్నుతో వచ్చిన కాగితం అక్షరం వదలకుండా చదివాను. దాని కొసన ఉండే గాజు బుడ్డి ఎండిపోకూడదు, మూతలో ఎప్పుడూ ద్రావణం ఉండాలి అని రాసి ఉంది. అందుకని ఒక్కో కొలత కాగానే మూతలో ఆ ద్రావణం నిండుగా పోసి పెన్ను మూసేవాణ్ని. తర్వాతి గ్లాసు దగ్గరకొచ్చి మూత తీసేవాణ్ని, పెన్ను ముంచేవాణ్ని, పీహెచ్ రాసుకునేవాణ్ని. ఆ తర్వాత అదే గ్లాసులో ఈసీ పెన్ను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇంత శ్రద్ధగా పని చేసి ఉంటే ఇంకో ప్రమోషన్ వచ్చేది.

ఈసీ పెన్ను కరివేపాకుకు 10.1 చూపించింది. వంకాయ 6.4. టమాటా 6.7.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆకు నవనవలాడుతూ ఉన్న వంకాయకి కూడా ఆరు దాటిందంటే, రోగం ఇంకా బయటపడలేదన్నమాట! చెట్టు ఆరోగ్యంగా ఉంది కదా, అంకె తప్పేమో అన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. అంకె కొత్త పెన్నుది. చెట్టు పాతది.

ఆదివారం ఆరు గంటలకే వాటర్ క్యాన్ల అబ్బాయికి ఫోన్ చేశాను. ఉప్పు దిగాలంటే కుండీ ఎంత ఉంటే దానికి రెట్టింపు మంచినీళ్లు పోసి కడగాలి. పది లీటర్ల బక్కెట్లు తొమ్మిది, బక్కెట్టుకు ఒక ఇరవై లీటర్ల క్యాను. "పెళ్లా సార్?" అన్నాడు. వంకాయకి అని చెప్పాను. వాడు అర నిమిషం ఏం మాట్లాడలేదు. ఆ తర్వాత డబ్బులు ముందే కావాలన్నాడు.

తొమ్మిది క్యాన్లూ పోసి మళ్లీ కొలిచాను. 4.7. తగ్గింది గానీ చాలలేదు. ఇంకో తొమ్మిది తెప్పించాను. కోకోపీట్ కడిగిన నీళ్లు చిక్కటి టీ డికాషన్ రంగులో ఉంటాయి. ఆ డికాషన్ మూడు వందల అరవై లీటర్లు మిద్దె మీద పారి, గొట్టంలోంచి పోయినంత పోయి, మిగతాది పిట్టగోడ పగుల్లోంచి కిందికి దిగింది. కింద పోర్షన్ పెద్దమ్మ తెల్ల పంచె పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టి ఉంది.

"ఏందయ్యా, పైనుంచి టీ పోస్తా ఉండారు!"

"టీ కాదు పెద్దమ్మా, కోకోపీట్."

"ఏదైతే ఏందిలే, నా వడియాలు తాగేసినాయి."

ఇంత జరుగుతుండగా మా బావమరిది దిగాడు. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చేస్తాడు. తెల్లారి లేస్తే నీళ్లలో ఉప్పు ఎంతుందో చూడడమే అతని బతుకు. వాళ్లక్క కోసమని బొమ్మిడాయిలు తెచ్చి, అవి వంటింట్లో ఇచ్చి పైకొచ్చాడు. నా నోటు పుస్తకం చూసి, పదికి ఎదురుగా వేలు పెట్టాడు.

"పదంటే దగ్గర దగ్గర అయిదున్నర పీపీటీ బావా. సముద్రం ముప్పై అయిదు. ఇది ఉప్పుటేరు. వనామీ పిల్ల వదిలితే బ్రహ్మాండంగా పెరుగుద్ది. కరివేపాకు ఎందుకు పెడతా ఉండావు?"

నాకు రోషం వచ్చి మొత్తం పద్ధతి వివరించాను. అతను అంతా విని ఒకటే అడిగాడు. "ఉట్టి నీళ్లకి కొట్టి చూశావా?"

చూడలేదు. దోషం బోరు నీళ్లదీ కోకోపీట్‌దీ అని తేలిపోయాక క్యాను నీళ్లను ఎవరు అనుమానిస్తారు? అయినా ఒక గ్లాసులో యాభై మిల్లీలీటర్ల క్యాను నీళ్లు పోశాడు. "నువ్వు ఎట్లా చేశావో అట్లానే చెయ్యి" అన్నాడు. నేను గ్లాసు మీదనే పీహెచ్ పెన్ను మూత తీశాను, ముంచాను, తీశాను. ఈసీ పెన్ను పెట్టాను. 4.0.

తాగే నీళ్లు నాలుగు. ఆ నీళ్లతోనే మేం పొద్దున కాఫీ తాగాం.

ఇంకో గ్లాసులో అవే నీళ్లు పోసి, ఈసారి ఈసీ పెన్ను ఒక్కటే పెట్టాడు. 0.1. తర్వాత నా పీహెచ్ పెన్ను తీసుకుని మూత విప్పి, నాలుగు వేళ్ల మీద కారిన తడిని నా ముఖం ముందు పెట్టాడు. "దీంట్లో ఏం పోశావు?"

సీసా మీద `3 M KCl` అని ఉంది. నేను దాన్ని ఏదో మందు పేరులా చదివి ఊరుకున్నాను. పొటాషియం క్లోరైడు, అంటే పొలానికి చల్లే పొటాష్ ఎరువులో ఉండే ఉప్పే, లీటరుకు రెండు వందల ఇరవై నాలుగు గ్రాముల లెక్కన కలిపిన నీళ్లు. మూత తీసినప్పుడల్లా ఆ ద్రావణం అర మిల్లీలీటరు దాకా గ్లాసులో పడుతోంది. యాభై మిల్లీలీటర్లలో ఆ పది చుక్కలు చాలు, ఈసీ నాలుగు పెరగడానికి. పీహెచ్ అంకెను అది పెద్దగా కదిలించదు కాబట్టి నాకు అనుమానమే రాలేదు. అన్ని కుండీలకూ అంకె ఒకే రీతిలో ఎక్కువ రావడమే గుర్తు. ఎండలో ఉన్నదీ, నీడలో ఉన్నదీ, ఎరువు వేసిందీ వేయనిదీ ఒకేసారి చెడిపోవు కదా. చెడింది వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న నేను.

ఈసీ ముందు చూసి, పీహెచ్ తర్వాత చూడాలట. లేదా రెంటికీ వేరే గ్లాసులు. పెన్ను మూత గ్లాసుకు దూరంగా తీసి, ఉట్టి నీళ్లతో కడిగి, విదిలించి ముంచాలి. బావమరిది ఇదంతా తాటిముంజె తింటూ చెప్పాడు.

మూడింటినీ మళ్లీ కొలిచాం. వంకాయ 0.6, టమాటా 0.7. నిన్నటి అంకెల్లోంచి నాలుగు తీసేస్తే అవి రెండున్నర దగ్గర, చక్కగా ఉన్నాయి. ఇప్పుడు పోయిన వారం వేసిన ఎరువంతా పెద్దమ్మ వడియాల్లో ఉంది. ఇక నలభై లీటర్ల డ్రమ్ముకు నాలుగు క్యాన్లు కావాలి గదా, తర్వాత చూద్దాంలే అని వదిలేసిన కరివేపాకు 6.2. తొమ్మిది బక్కెట్లూ ఊరికే కడిగి, కడగాల్సినదాన్ని ముట్టుకోలేదన్నమాట.

"కానీ బావా, కోకోపీట్ అన్నిట్లో ఒకటే, బోరు నీళ్లూ అన్నిటికీ ఒకటే. దీనికొక్కదానికే ఉప్పు యాడిది?" అన్నాడు బావమరిది.

నేను దానికి ఒక సిద్ధాంతం తయారుచేస్తున్నాను. డ్రమ్ము అడుగు రంధ్రాలు పూడి, నీళ్లు దిగక, ఆవిరై ఉప్పు పేరుకుని అని సగం దాకా వచ్చాను. అప్పుడు మా ఆవిడ బేసిను పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. మా ఇద్దరి మధ్యలోంచి నడిచి, బేసినులో సగం నీళ్లు కరివేపాకు మొదట్లో పోసింది.

"అక్కా, అవేంది?"

"బొమ్మిడాయిలు కడిగిన నీళ్లు. చెట్టుకు బలం. ఏడాదిగా పోస్తా ఉండాను."

బొమ్మిడాయి వంటినిండా జిగురు. మామూలు నీళ్లకు లొంగదు. గుప్పిళ్ల కొద్దీ కల్లుప్పు వేసి రుద్దితే గానీ పోదు. మిగతా చేపలకైనా మా ఇంట్లో పద్ధతి అదే. చేపల పులుసుకు కరివేపాకు కావాలి గనుక ఆ బలమంతా ప్రతి ఆదివారం ఈ డ్రమ్ముకే పోతోంది.

నేను మాట్లాడకుండా బేసినులో మిగిలిన నీళ్లలో ఈసీ పెన్ను ముంచాను. నా పెన్ను ఇరవై దాకా చూపిస్తుంది. అంకె గిరగిరా ఎక్కి, ఆగి, మాయమైపోయింది.

ఆమె వంగి చూసింది. "ఏమీ రాలేదు కదా. మిగతావి కూడా పోసెయ్యనా? అన్నట్టు, నా కాఫీ గ్లాసులు ఇక్కడెందుకున్నాయి?"