ఎర్ర సిరాతో కొట్టేసిన నాలుగు క్రియలు

నా మేనకోడలు గుంటూరులో ఏడో తరగతి చదువుతోంది. తెలుగు పరీక్షలో తాను రాసిన వ్యాసాన్ని ఈ సాయంత్రం తెచ్చి చూపించినప్పటి నుంచి నాకు కోపం చల్లారడం లేదు. మిరప కల్లంలో వాన పడిన రోజు గురించి ఆ పిల్ల ఇలా రాసింది: "మేము కల్లంలో ఉండగానే వాన వచ్చేసింది. నాన్న పరుగెత్తుకెళ్ళి కాయల మీద పట్టలు కప్పేశాడు. పక్క కల్లం వాళ్ళు మా కాయలు పోగుచేసిపెట్టారు. అయినా అంచున ఉన్న కాయలు తడిసిపోయాయి." ఉపాధ్యాయురాలు ఆ నాలుగు క్రియలనూ ఎర్ర సిరాతో కొట్టేసి, వాటి మీద "వచ్చింది, కప్పాడు, పోగుచేశారు, తడిశాయి" అని రాసి, పక్కన "వాడుక మాటలు, అనవసరపు పొడిగింపు" అని వ్యాఖ్య పెట్టి రెండు మార్కులు తగ్గించారు.

పొడిగింపు అన్న ఆ మాటే నన్ను ఎక్కువగా బాధించింది. "వాన వచ్చింది" అంటే వాన పడిందన్న సమాచారం మాత్రమే తెలుస్తుంది. "వచ్చేసింది" అన్నప్పుడు, సిద్ధపడడానికి వ్యవధి ఇవ్వకుండా అది మీద పడిందని తెలుస్తుంది. "కప్పాడు" అంటే కప్పడమనే పని జరిగింది, కానీ కల్లమంతా కప్పాడో సగమే కప్పాడో ఆ మాట చెప్పదు. "కప్పేశాడు" అన్నప్పుడు పని పూర్తయింది, అదీ ఆగకుండా ఒక్క ఊపున పూర్తయింది. "పోగుచేశారు" అనే మాటలో ఎవరి కోసమన్నది లేదు. "పోగుచేసిపెట్టారు" అన్నప్పుడు, పక్కవాళ్ళు తమ పని పక్కన పెట్టి మనకు సాయపడ్డారన్న సంగతి ఆ "పెట్టు"లో ఉంది. "మాకోసం" అన్న మాట వేరుగా రాయవలసిన అవసరం ఆ పిల్లకు రాకపోవడానికి కారణం అదే. ఇక "తడిశాయి" అన్న కాయలను ఎండబెట్టుకోవచ్చు, "తడిసిపోయాయి" అన్నప్పుడు మాత్రం నష్టం జరిగిందన్న ధ్వని వస్తుంది. రంగు చెడిన కాయకు యార్డులో ఏ ధర పలుకుతుందో తెలిసిన ఇంటి పిల్ల ఆ మాటను ఊరికే రాయలేదు.

అంతకంటే ఆశ్చర్యం, అసలు క్రియ వెనక రెండో క్రియగా చేరే వేయు, పోవులను ఆ పిల్ల ఎక్కడ ఏది పెట్టాలో అక్కడ పెట్టడం. ఎవరైనా కావాలని చేసిన పనికి సాధారణంగా "వేయు" చేరుతుంది, దానంతట అది జరిగినదానికి "పోవు" చేరుతుంది. కొమ్మను ఒకడు విరిచేస్తాడు, గాలికి కొమ్మ విరిగిపోతుంది. కాగితాన్ని చింపేస్తాం, పాతబడితే అది చిరిగిపోతుంది. తండ్రి కప్పేశాడు, కాయలు తడిసిపోయాయి. మరి వానకు ఇచ్ఛ లేదు కదా, "వచ్చిపోయింది" అనాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. అలా అనలేం. వచ్చు అనే క్రియ మనవైపు నడుస్తుంది, పోవు అవతలికి నడుస్తుంది. వాటిని కలిపితే పోవుకు దాని అసలు అర్థమే తిరిగి వచ్చి, వాన వచ్చి వెళ్ళిందన్న అర్థం మిగులుతుంది. అందుకే "వెళ్ళు"కు పోవు చేరి వెళ్ళిపోయాడు అవుతుంది, "వచ్చు"కు వేయు చేరి వచ్చేశాడు అవుతుంది. నవ్వేశాడు, ఏడ్చేసింది అన్నవి కూడా ఇలాంటివే. అక్కడ వేయు పని పూర్తయిందని చెప్పడం కంటే, ఆపుకోలేక బయటపడిందని చెబుతుంది. ఈ తేడాలేవీ ఆ పిల్లకు ఏ పుస్తకమూ నేర్పలేదు.

బడికి ఫోను చేస్తే, "రాసే భాషలో ఇవి ఉండవండీ, మాట్లాడేటప్పుడు వస్తాయి గానీ" అన్నారు ఆ ఉపాధ్యాయురాలు. రాసే భాషలో ఎందుకుండవు? చేసివేయు, పడిపోవు అన్న నిండు రూపాలు పాత వచనంలోనూ కనిపిస్తాయి, "వేయు" స్థానంలో "వైచు" అన్న రూపమూ ఉంది. మనం నోట కుదించి చేసేయి అంటున్నాం, అంతే. రెండో క్రియ పొడిగింపే అయితే దాన్ని ఎక్కడైనా తీసేయగలగాలి. "దొంగ పారిపోయాడు" అన్నదాంట్లో "పోయాడు" తీసేసి "దొంగ పారాడు" అని రాయగలరా? "చనిపోయాడు"ను "చనాడు" అని దిద్దగలరా?

దీనికి ఇంకో పరీక్ష ఉంది. "పట్టలు కప్పేశావా?" అని అడిగితే, కప్పనివాడు "లేదు, ఇంకా కప్పలేదు" అంటాడు తప్ప "కప్పేయలేదు" అనడు. పని ముగిసిందని నొక్కి చెప్పడానికి వచ్చిన క్రియకు, మొదలే కాని పనిలో చోటు లేదు. "నేనేమీ తినేయలేదు" అని ఒక పిల్లవాడు అన్నాడంటే, అంతకుముందు ఎవరో "నువ్వే తినేశావు" అని వాడి మీద నింద వేసి ఉండాలి. ప్రశ్నలో వచ్చి, మామూలు జవాబులో తప్పుకొని, నింద పడినప్పుడు మళ్ళీ వచ్చే మాటను అనవసరమనడం ఎలా కుదురుతుంది?

నిజానికి నా కోపం ఆ ఉపాధ్యాయురాలి మీద మాత్రమే కాదు, ఆమెకు మేమందరం చదువుకున్న వ్యాకరణమే అందింది. సవర్ణదీర్ఘ సంధి సూత్రం నేను ఈరోజుకీ నిద్రలో లేపినా చెప్పగలను. ద్విగు సమాసానికి, బహువ్రీహికి విగ్రహవాక్యాలు రాయించి రాయించి వేళ్ళు నొప్పెట్టించారు. కానీ రోజూ మాట్లాడే ప్రతి పది వాక్యాలలోనూ ఎదురయ్యే ఈ రెండో క్రియ గురించి ఒక్క పాఠం చెప్పినట్టు నాకు గుర్తు లేదు. పాఠంలో లేనిది తప్పని అనుకోవడం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ క్రియలను ఎక్కడపడితే అక్కడ చల్లమని నేను అనడం లేదు. వంట వీడియోలలో "ఉప్పు వేసేసి, కలిపేసి, మూత పెట్టేసి" అంటూ ప్రతి పనికీ వేయు తగిలిస్తుంటే, దేన్ని నొక్కి చెబుతున్నారో తెలియక ఆ క్రియ బలమే పోతుంది. అలాంటి చోట దిద్దితే నేను సంతోషిస్తాను. దిద్దేవారు మాత్రం, ఆ మాట తీసేస్తే వాక్యంలో ఏం తగ్గుతుందో ముందుగా చూడాలి.

ఎంత తగ్గుతుందో చూడాలంటే మన పల్లెల్లో పొలం తగాదా వచ్చిన ఏ ఇంటి అరుగు మీదైనా కూర్చోండి. "పొలం రాసిచ్చాడు" అంటే తండ్రి ఇష్టపూర్వకంగా కొడుకు చేతిలో పెట్టాడు. "రాసిచ్చేశాడు" అంటే ఇక వెనక్కి తీసుకోవడానికి లేకుండా ఇచ్చాడు, బహుశా తొందరపడి ఇచ్చాడు. అదే పొలం గురించి చిన్నకొడుకు "అన్న రాయించేసుకున్నాడు" అంటాడు. రాయు మీద "ఇంచు" చేరినప్పుడు రాసింది వేరొకరని తేలింది, "వేయు" చేరినప్పుడు ఎవరికీ తెలిసేలోపే ముగిసిందని తేలింది, "కొను" చేరినప్పుడు లాభం ఎవరికి దక్కిందో తేలింది. ఆ వరుస కూడా మార్చడానికి వీల్లేదు, "రాయించుకునేశాడు" అని మా వైపు ఎవరూ అనరు. "అన్న రాయించాడు" అని దిద్దితే, చిన్నకొడుకు మోపిన మూడు ఆరోపణలలో రెండు కాగితం మీద నుంచి మాయమవుతాయి.