గంటలో డిలీట్, తాళం గుర్తు, నల్ల పట్టీ: క్లెయిముల లిస్టును ఇవి కాపాడవు

“మెడికల్ బిల్లుల లిస్టు, జీతాల షీటు స్కాన్ చేసి ఫ్రీ కన్వర్టర్‌లో వేస్తే నిమిషంలో ఎక్సెల్ అయిపోతుంది. భయమేం లేదు. సైటుకి తాళం గుర్తు ఉంది, గంటలో ఫైలు డిలీట్ చేస్తామని వాళ్లే రాశారు. ఇంకా అనుమానంగా ఉంటే పేర్ల మీద నల్ల పట్టీ వేసి పెట్టండి.”
(ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సలహా)

తాళం సంగతి ముందు. మీ బ్రౌజరు నుంచి ఆ సైటు సర్వరు దాకా దారిలో ఎవరూ ఫైలు చదవలేరు, దాని హామీ అంతవరకే. సర్వరు చేరాక పేజీని విప్పి చూస్తేనే కదా, అందులో 8 ఉందో 3 ఉందో తేలేది. అక్కడ మీ లిస్టు మామూలు బొమ్మలాగే తెరుచుకుంటుంది. పైగా తాళం గుర్తుకు కావలసిన సర్టిఫికెట్ ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. దొంగ సైటుకీ ఉంటుంది. అమెరికాలో ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం 2025 మార్చిలో ప్రత్యేకంగా ఫ్రీ ఫైల్ కన్వర్టర్ల మీదే హెచ్చరిక ఇచ్చింది. కొన్ని సైట్లు అడిగిన పని చేసిపెడుతూనే, ఇచ్చిన ఫైలులోంచి గుర్తింపు నంబర్లు, బ్యాంకు వివరాలు ఏరుకుంటున్నాయని, తిరిగి ఇచ్చే ఫైలులో మాల్వేర్ కలుపుతున్నాయని దాని సారాంశం. పని సవ్యంగా అయింది కాబట్టి సైటు మంచిదే అనుకోవడానికి వీల్లేదన్నమాట.

గంటలో డిలీట్ మాట నిజమే అనుకుందాం. డిలీట్ అయ్యేది ఏ కాపీ? మీరు ఎక్కించిన పీడీఎఫ్ ఒకటి. ఒక్కో పేజీని బొమ్మగా విడగొట్టిన ఫైళ్లు మరికొన్ని. అక్షరాలు గుర్తించాక వచ్చిన టెక్స్ట్ ఇంకొకటి, చివరికి మీ చేతికొచ్చే ఎక్సెల్ మరొకటి. అక్షరాలు గుర్తించే పనిని ఆ సైటు వేరే కంపెనీకి అప్పగిస్తే అక్కడా ఒక ప్రతి తయారవుతుంది. ఇవి కాక బ్యాకప్‌లు, లాగ్‌లు. లాగ్‌లో ఫైలు పేరు ఉండిపోవడం మామూలే. ఆ పేరులోనే ఆఫీసూ నెలా “మెడికల్ క్లెయిమ్స్” అన్న మాటా ఉంటే సగం సంగతి బయటపడ్డట్టే. డౌన్‌లోడ్ లింకుకి లాగిన్ లేకపోతే, లింకు ఎవరి చేతిలో పడితే వాళ్లు ఆ గంటలో తెరవగలరు.

ఇలాంటిది ఒకసారి బయటపడింది కూడా. 2017 సెప్టెంబరులో నార్వే ప్రసార సంస్థ ఎన్ఆర్‌కే చెప్పిన ప్రకారం, ట్రాన్స్‌లేట్ డాట్ కామ్ అనే ఫ్రీ అనువాద సైటులో అక్కడి చమురు కంపెనీ స్టాటాయిల్ ఉద్యోగులు పెట్టిన ఉద్వాసన లేఖలు, కాంట్రాక్టులు, పాస్‌వర్డులు గూగుల్‌లో వెతికితే దొరికాయి. అది అనువాదం, ఇది టేబుల్. పెట్టి తీసుకునే పద్ధతి మాత్రం ఒక్కటే. అక్కడ పెట్టినవాళ్లు కూడా పని చేసుకుని ట్యాబ్ మూసేసి వెళ్లినవాళ్లే.

ఇక నల్ల పట్టీ. ఎక్కువమంది మోసపోయేది దీని దగ్గరే. పీడీఎఫ్‌లో గీసిన పట్టీ సాధారణంగా పేజీ మీద అతికించిన కాగితం ముక్కలాంటిది. కింద స్కాన్ బొమ్మ చెక్కుచెదరకుండా ఉంటుంది. స్కానర్ “సెర్చబుల్ పీడీఎఫ్” ఇచ్చి ఉంటే కంటికి కనపడని అక్షరాల పొర కూడా ఉంటుంది. నమ్మకం లేకపోతే పాప్లర్ అనే ఉచిత టూల్స్ వేసుకుని, మీరు పట్టీ వేసిన ఫైలు మీదే ఈ రెండు కమాండ్లూ నడపండి:

```
pdftotext -layout claims.pdf -
pdfimages -png claims.pdf p
```

మొదటిది పట్టీ కింది పేర్లను తెర మీద వరసగా రాస్తే అక్షరాల పొర ఉన్నట్టు. రెండోది పట్టీ లేని అసలు స్కాన్‌ను బయటికి తీసి పెడితే బొమ్మ కూడా ఉన్నట్టు. పీడీఎఫ్‌ను క్రాప్ చేసినా అంతే, చాలా టూల్స్‌లో కోసిన భాగం దాగుతుందే తప్ప పోదు. ఫోనులో హైలైటర్‌తో నల్లగా రుద్దినది కొన్నిసార్లు బ్రైట్‌నెస్ పెంచితే చాలు, కనిపిస్తుంది.

సరే, పేర్లు నిజంగానే తీసేశారనుకోండి. ఉదాహరణకు ఒక వరస ఇలా మిగులుతుంది: సీనియర్ అసిస్టెంట్, భార్య, 43 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్, కీమో 4వ విడత, రూ. 1,12,400. ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్లు ముగ్గురే. ఒకాయనకు పెళ్లి కాలేదు, ఇంకొకాయన భార్యకు అరవై దగ్గర పడ్డాయి. పేరు ఎందుకిక? జీతాల షీటులో పాన్ కాలమ్ కూడా ఇలాంటిదే. పాన్‌లో అయిదో అక్షరం సర్‌నేమ్‌గా ఇచ్చిన పేరు మొదటి అక్షరం. దాని పక్కన హోదా, మూల వేతనం ఉంటే పదిమంది ఆఫీసులో మనిషిని పట్టుకోవడానికి అది చాలు. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, ఆ ఇల్లాలి జబ్బు సంగతి బయటికి పోతే మార్చుకునేది ఏముంది?

ఆఫీసు బాధ్యత కూడా అప్‌లోడ్‌తో తీరిపోదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పని వేరేవాళ్లతో చేయించినా జవాబుదారీ డేటా తీసుకున్న సంస్థే, అప్పగించడానికి ఒప్పందం ఉండాలి. “ఐ అగ్రీ” నొక్కిన గుమస్తా ఆఫీసు తరఫున ఒప్పందం చేసుకున్నట్టా? ఏ అధికారీ ఔననడు.

కొన్ని కన్వర్టర్లు నిజంగానే బ్రౌజరులోనే, అంటే మీ మెషీన్ మీదే పనిచేస్తాయి. తేల్చుకోవడం తేలిక: ప్రైవేట్ విండోలో పేజీ తెరిచి, నెట్ తీసేసి, ఏ వివరాలూ లేని ఒక ఉత్త టేబుల్ ఇచ్చి చూడండి. మారకపోతే పని సర్వరులో జరుగుతోందనే అనుకోండి. నెట్ లేకుండా మారితే, అసలు ఫైలూ అలాగే మార్చుకుని, ఫలితం దాచుకుని విండో మూశాకే నెట్ పెట్టండి. లేకపోతే కనెక్షన్ రాగానే పంపే వీలు పేజీకి ఉంటుంది. ఫోనులోని స్కానింగ్ యాప్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి పరీక్షించవచ్చు గానీ, అది నెట్ వచ్చాక క్లౌడ్‌కి ఎక్కించదన్న హామీ ఆ పరీక్షలో దొరకదు.

ఏ సైటుకీ పంపకుండా మీ కంప్యూటరులోనే చేసుకునే దారి ఉంది. పైన `pdftotext` ఏమీ రాయకపోతే ఫైలులో అక్షరాల పొర లేదు, బొమ్మ ఒక్కటే. అప్పుడు 300 డీపీఐతో పేజీని బొమ్మగా తీసి, అక్షరాలు గుర్తించే ఉచిత ప్రోగ్రాము టెసరాక్ట్‌కి ఇవ్వాలి:

```
pdftoppm -r 300 -png claims.pdf page
tesseract page-1.png out -l eng --psm 6 -c preserve_interword_spaces=1
```

తెలుగు మాటలుంటే తెలుగు భాషా ఫైలు వేసుకుని `eng+tel` అనండి. అంకెలే ఉన్న షీటుకు ఒట్టి `eng` మేలు. వచ్చిన `out.txt`ని లిబ్రెఆఫీస్ క్యాల్క్‌లో తెరిచేటప్పుడు ఫిక్స్‌డ్ విడ్త్ ఎంచుకుని కాలమ్ గీతలు మీరే పెట్టాలి. సైటు ఇచ్చినంత నీటుగా రాదు, ఆ మాట ఒప్పుకోవాలి. టేబుల్ గీతల్ని అది ఒక్కోసారి 1 అనో నిలువు గీత అనో చదువుతుంది, వంకరగా స్కాన్ చేసిన పేజీలో పక్క వరస అంకెలు కలిసిపోతాయి. అందుకని మొత్తం కాలమ్‌ను కూడి, కాగితం మీది టోటల్‌తో సరిచూడండి. 5,000 తేడా వస్తే ఎక్కడో 8ని 3గా చదివి ఉండొచ్చు. టోటల్ కలిసినా రెండు వరసల మొత్తాలు తారుమారై ఉండొచ్చు, కాబట్టి పెద్ద అంకెలు విడిగా చూడాలి. చేత్తో రాసిన రిజిస్టరైతే టెసరాక్ట్ జోలికి పోకండి. 30 వరసలు, 6 కాలమ్‌లు అంటే 180 గళ్లు. ఒకరు చదువుతుంటే ఒకరు కొట్టినా గంటలోపు పని.