ఒక కామా, 39 నెలల బాడుగ

కర్నూలులో షాపు బాడుగకు తీసుకునేవాళ్లు నెలకు ఎంత, అడ్వాన్సు ఎంత అన్నది పదిసార్లు చూసుకుంటారు. ఎన్నేళ్లు, ఎప్పుడు ఖాళీ చేయొచ్చు అన్న క్లాజును మాత్రం ఒకసారి చదివి సంతకం పెట్టేస్తారు. పెద్ద గొడవలు దాక్కునేది అక్కడే.

2025 ఏప్రిల్ 1న మొదలైన ఒక అగ్రిమెంటులో ఇలా ఉందనుకుందాం: "ఈ ఒప్పందం ఐదేళ్లు అమల్లో ఉంటుంది, ఏడాది ముందు నోటీసు ఇస్తే తప్ప, ఆ తర్వాత మరో ఐదేళ్లు కొనసాగుతుంది." నోటీసు మాట ముందున్న ఐదేళ్లకా, తర్వాతి ఐదేళ్లకా? రెండో కామా తీసేస్తే అది పొడిగింపుకే వర్తిస్తుంది. మొదటి కామా తీసేస్తే తొలి ఐదేళ్లకు అతుక్కుంటుంది. వ్యాపారం సాగక 2026 జనవరి 1న నోటీసు ఇచ్చినాయన, ఏడాది గడిస్తే తన బాధ్యత తీరిందంటాడు. యజమానేమో 2030 మార్చి 31 దాకా కట్టాల్సిందే అంటాడు. నెలకు 20 వేల బాడుగ అయితే తేడా 39 నెలలు, 7 లక్షల 80 వేలు.

కెనడాలో సరిగ్గా ఇలాంటి గొడవే నడిచింది. కరెంటు స్తంభాలకు కేబుల్ వేసుకోవడానికి రోజర్స్ అనే కేబుల్ సంస్థ 2002లో అలియంట్ అనే టెలిఫోన్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఐదేళ్లు తప్పక నడుస్తుందని రోజర్స్ నమ్మింది. ఏడాది నోటీసుతో ఎప్పుడైనా రద్దు చేయొచ్చని అలియంట్ వాదించింది. నోటీసు షరతుకు ముందున్న కామాను చూసి 2006లో టెలికాం నియంత్రణ సంస్థ అలియంట్ వైపు తీర్పిచ్చింది. మరుసటి ఏడాది అదే సంస్థ, ఆ ఒప్పందం నమూనాకు ఫ్రెంచ్ ప్రతి కూడా ఉందని, అందులో అర్థం స్పష్టంగా ఉందని చెప్పి తన తీర్పునే మార్చుకుంది.

కాబట్టి కామాను సరిదిద్దితే సరిపోతుందని నేను అనుకోను. టైపు చేసేటప్పుడో, కాపీ తీసేటప్పుడో అది మళ్లీ జారిపోతుంది. ముసాయిదా చేతికి రాగానే క్లాజులోని కామాలన్నీ కొట్టేసి చదవండి. రెండు అర్థాలు వస్తే వాక్యమే సరిగా లేదన్నమాట. తర్వాత ఒక తేదీ పట్టుకుని, "రెండో ఏడాదిలో ఖాళీ చేస్తే ఏమవుతుంది?" అని యజమానిని, అద్దెదారుని విడివిడిగా అడగండి. జవాబులు కలవకపోతే అప్పుడే తిరగరాయించండి: "2030 మార్చి 31 లోపు ఎవరూ రద్దు చేయకూడదు. ఆ తేదీకి కనీసం ఏడాది ముందు ఎవరూ రాతపూర్వక నోటీసు ఇవ్వకపోతే, ఒప్పందం మరో ఐదేళ్లు కొనసాగుతుంది." రెండు వాక్యాలయ్యాయి, నోటీసు దేనికో ఇక అడగక్కర్లేదు.

డాక్యుమెంట్ రైటర్ ఇంగ్లిషులో రాసి తెలుగులో వివరిస్తే, ఆ వివరణ కాగితం మీద ఉండదు. తెలుగు ప్రతి కూడా రాయించి, రెండింటి మధ్య తేడా వస్తే ఏది చెల్లుతుందో ఒక క్లాజులో చేర్పించండి.