పన్నెండులోంచి తొమ్మిది పోతే: ఒక మహత్తర తీసివేతకు సమర్థన

ఇంటి అప్పు తీరకముందే చేతిలో కాస్త సొమ్ము మిగిలిన ప్రతి మనిషికీ ఏదో ఒక రోజు జ్ఞానోదయం అవుతుంది. అప్పు మీద వడ్డీ 9 శాతం. షేర్ల ఫండులో రాబడి 12 శాతం అని నలుగురూ అంటున్నారు. 12లోంచి 9 పోతే 3. కాబట్టి మిగులు సొమ్ముతో అప్పు తీర్చేవాడు అమాయకుడు, దాన్ని ఫండులో పెట్టేవాడు మేధావి. ఇరవై ఏళ్ల భవిష్యత్తు రెండో తరగతి తీసివేతతో తేలిపోయింది. ఇంత సులువైన లెక్కను చెడగొట్టాలని కొందరు పనిలేనివాళ్లు పెన్నులు, కాగితాలు పట్టుకుని తిరుగుతున్నారు. వాళ్ల అభ్యంతరాలను ఒక్కొక్కటిగా ముందుంచి ఖండించడం ఈ వ్యాసం పూనుకున్న బాధ్యత.

గాల్లో మాట్లాడుకోకుండా ఒక అప్పు పట్టుకుందాం. అసలు 50 లక్షలు, గడువు 20 ఏళ్లు, వడ్డీ 9 శాతం. నెలవారీ వాయిదా 44,986 అవుతుంది. అప్పు తీసుకున్న కొత్తలోనే ఆసామికి అదనంగా 5 లక్షలు చేతికొచ్చాయి. అప్పులో వెయ్యాలా, ఫండులో వెయ్యాలా అన్నది ప్రశ్న.

పనిలేనివాళ్ల మొదటి అభ్యంతరం: ఆ 9 నిజానికి 9 కాదు. అప్పు వడ్డీని బ్యాంకు ఏడాది లెక్కన చెబుతుంది గానీ వసూలు చేసేది నెలనెలా, నెలకు 0.75 శాతం చొప్పున. అది పన్నెండు నెలలు చక్రవడ్డీగా తిరిగితే ఏడాదికి ఎంతవుతుందో ఈ ఒక్క గీత చెబుతుంది:

```
(1 + 0.09/12)^12 - 1 = 0.0938
```

అంటే 9.38 శాతం. ఫండు వాళ్లు చెప్పే 12 మాత్రం అప్పటికే ఏడాది పొడవునా తిరిగి వచ్చిన అంకె. ఒకదాన్ని మూరతోనూ ఇంకోదాన్ని గజంతోనూ కొలిచి తేడా చూస్తున్నారంటారు వాళ్లు. మన జవాబు: మూర అయినా గజం అయినా గుడ్డ గుడ్డే.

రెండో అభ్యంతరం ఇంకా నీచమైనది. ఆ 12 చేతికొచ్చే 12 కాదట. ఫండు నిర్వహణ ఖర్చు ఏడాదికి 1 శాతం అనుకుంటే మిగిలేది 11. మీకు చూపిస్తున్న 12 ఖర్చులు పోగా వచ్చినదా, పోకముందుదా అన్నది ముందు కనుక్కోవాలట. సూచీ రాబడి చూపిస్తే అది ఖర్చులు పోకముందుది. మన ఆసామికి చూపించింది ఆ రకమే. 5 లక్షలు 11 శాతం చొప్పున 20 ఏళ్లలో 40.31 లక్షలవుతాయి. అందులో లాభం 35.31 లక్షలు. అమ్మేటప్పుడు లాభం మీద పన్ను 15 శాతం అనుకుంటే 5.30 లక్షలు అటు పోయి, చేతికి వచ్చేది 35.01 లక్షలు. 5 లక్షలు ఇరవై ఏళ్లలో అంత కావడానికి ఏడాదికి ఎంత పెరగాలో వెనక్కి లెక్కేస్తే 10.22 శాతం తేలుతుంది.

ఇప్పుడు తీసివేత మళ్లీ చేస్తే 10.22లోంచి 9.38 పోయి 0.84 మిగులుతుంది. ఎక్కడి మూడు, ఎక్కడి ముప్పాతిక చిల్లర! అయితే ఒక్క మాట. ఇన్ని లెక్కలు వేసిన తర్వాత కూడా 12లోంచి 9 పోతే మూడే. మన తీసివేతలో తప్పు పట్టినవాడు ఇంతవరకూ లేడు.

ఈ 0.84 కూడా ఊరికే రాదని మూడో అభ్యంతరం. అసలు పట్టు ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా ఖండించాలి. అప్పులో వేసిన 5 లక్షల మీద వడ్డీ ఆగిపోవడం ఖాయం, దానికి బజారు ఎలా ఉందో అక్కర్లేదు. ఫండు 12 ఇస్తుందన్నది ఆశ. రెండింటి ఫలితాన్నీ ఒకే తేదీన, అంటే 20 ఏళ్ల చివర పక్కపక్కన పెట్టి చూద్దాం. అప్పులో వేస్తే వాయిదా మారకుండా గడువు 240 నెలల నుంచి 186 నెలలకు దిగుతుంది. ఆ తర్వాత మిగిలిన సుమారు 54 నెలలూ అదే వాయిదా సొమ్మును అదే 9 శాతం మీద దాచుకుంటే చివరికి 30.05 లక్షలు పోగవుతాయి. ఫండులో 12 వస్తే 35.01 లక్షలని చూశాం. సుమారు 5 లక్షలు లాభం. అదే ఫండు 12 బదులు 10 ఇచ్చిందనుకోండి. ఖర్చు, పన్ను పోగా చేతికొచ్చేది 24.57 లక్షలు. ఇప్పుడు 5.5 లక్షలు నష్టం. అటూ ఇటూ కాకుండా ఉండాలంటే ఖర్చులు పోకముందు రాబడి 11.1 శాతం దాకా రావాలి. అందుకని "ఫండు ఎంత ఇస్తుంది" అని అడగడం మానేసి, "ఇరవై ఏళ్లపాటు సగటున 11.1కి పైన వస్తుందని ఎంత ధీమా ఉంది" అని అడగాలంటారు ఈ పెన్నుల వాళ్లు. ఇలాంటి ప్రశ్న అడిగితే మనిషి జవాబు చెప్పలేడు. జవాబు లేని ప్రశ్న అడగడం అమర్యాద.

సగటు అన్న మాట వచ్చింది కనుక ఇంకో పితూరీ కూడా వినాలి. ఒక ఏడాది 40 శాతం పడి, మరుసటి ఏడాది 50 శాతం పెరిగితే సగటు ఏడాదికి 5 శాతం లాభం. చేతిలో ఉన్నది మాత్రం వందకు తొంభై: వంద అరవై అయింది, అరవై మీద సగం పెరిగితే తొంభై. ప్రచార కాగితంలో సగటు ఉంటుంది, ఖాతాలో తొంభై ఉంటుంది. కాబట్టి పాత రాబడులు చూసేటప్పుడు ఏ ఏడాదికా ఏడాది అంకెలు కలిపి భాగించిన సగటు కాకుండా, చక్రవడ్డీ లెక్కన మొదటి నుంచి చివరిదాకా వచ్చిన రేటు చూడాలట. కాకి లెక్కలు వెయ్యడం మన జన్మహక్కు. దాన్ని ఇలా ఒక్కొక్కటిగా హరిస్తున్నారు.

ఖాయమైనదాన్ని ఖాయమైనదానితోనే పోల్చాలని కూడా వాళ్ల పట్టు. ఆ లెక్కన డిపాజిట్ మీద 7 శాతం వస్తూ, ఆ వడ్డీ మీద 20 శాతం పన్ను పడితే మిగిలేది 5.6. అప్పు మాత్రం 9.38 తింటోంది. అంటే తన సొమ్ము చవగ్గా బ్యాంకుకు ఇచ్చి, దాన్నే ఎక్కువ వడ్డీకి తెచ్చుకుంటున్నాడన్నమాట మన ఆసామి. బ్యాంకు కూడా బతకాలి కదా.

అవతలి వర్గం కూడా తక్కువ తిన్నది కాదు. అప్పు నిప్పులాంటిదని, ఉన్నదంతా ఊడ్చి కట్టెయ్యమని చెప్పే పెద్దలు ఒక అంకె పట్టుకుని తిరుగుతుంటారు: "5 లక్షలు కడితే 19.45 లక్షల వడ్డీ మిగులుతుంది, నాలుగింతలు!" అంకె తప్పు కాదు. కట్టనక్కర్లేని వాయిదాలు 24.45 లక్షలు, అందులో కట్టిన 5 లక్షలు తీసేస్తే అంతే. కానీ ఆ మిగులంతా పదిహేనున్నర ఏళ్ల తర్వాత వచ్చేది. అన్నేళ్లు ఆగితే 9 శాతం మీద ఏదైనా అలాగే ఉబ్బుతుంది. ఇందులో మంత్రం లేదు, ఉన్నది అదే 9.38. మొదటి ఏళ్లలో వాయిదాలో వడ్డీ భాగం ఎక్కువ కనుక అప్పుడు కడితేనే లాభమనీ, తర్వాత దండగనీ చెప్పేదీ ఈ వర్గమే. పదిహేనో ఏట కట్టినా కట్టిన సొమ్ము మీద ఆగే వడ్డీ రేటు అదే. పని చేసే ఏళ్లు తక్కువ, అంతే తేడా.

ఇక వడ్డీ మీద పన్ను మినహాయింపు. మినహాయింపు ఉన్నచోట అప్పు అసలు ఖరీదు తగ్గుతుందని, కాబట్టి కట్టకూడదని మేధావులు చెబుతారు. మినహాయింపుకు హద్దు ఉంటే ఏమవుతుందో మాత్రం చెప్పరు. మన అప్పు మీద మొదటి ఏడాది వడ్డీ సుమారు 4.5 లక్షలు. హద్దు 2 లక్షలనుకుందాం. 5 లక్షలు ముందే కడితే ఆ వడ్డీ సుమారు 4 లక్షలకు దిగుతుంది. అయినా హద్దుకు పైనే ఉంది కనుక ఆ ఏడాది మినహాయింపులో ఏమీ పోలేదు. తగ్గిన వడ్డీ అంతా ఎలాగూ మినహాయింపు దొరకని వడ్డీయే. అప్పు బాగా కరిగి వడ్డీ హద్దు కిందికి వచ్చిన ఏళ్లలోనే పోలిక మారుతుంది. ఇంత చదివే ఓపిక ఎవరికుంది? "పన్ను మిగులుతుంది" అన్న రెండు ముక్కలు చాలు.

ఒక్క విషయంలో మాత్రం పెన్నుల వాళ్లు మన పక్షానికి వచ్చి మాట్లాడతారు. 5 లక్షలూ ఊడ్చి అప్పులో వేసిన మనిషి ఉద్యోగం వచ్చే నెల పోయిందనుకోండి. "పోయిన నెల 5 లక్షలు కట్టాను కదా" అంటే బ్యాంకు వినదు. ఆ నెలా 44,986 కట్టాల్సిందే. గోడలో కలిసిన సొమ్ము గోడ దిగి రాదు. అందుకే ఆరు నెలల వాయిదాలు, అంటే సుమారు 2.7 లక్షలు, ఇంటి ఖర్చులకు కావలసినంత దానికి తోడు, చేతికందేలా ఉంచుకున్నాకే మిగతాది ఎటు వెయ్యాలన్నది ఆలోచించమంటారు. ఓవర్‌డ్రాఫ్ట్ తరహా ఇంటి అప్పులో అయితే సొమ్ము వేసి వడ్డీ ఆపుకుని, అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చు. రేటు కాస్త ఎక్కువ ఉంటే ఆ ఎక్కువ అప్పు మొత్తం మీద పడుతుంది, ఆగే వడ్డీ మాత్రం వేసిన సొమ్ము మీదే. అది చూసుకుని దిగాలి.

ఇంతకీ లెక్క ఏ పక్షాన తేలినా, దాన్ని అమలు చేసే తీరు మరో శాస్త్రం. అప్పు వైపు మొగ్గినవాడు బ్యాంకుకు వెళితే అక్కడ కాగితంలో రెండు గళ్లుంటాయి: గడువు తగ్గించాలా, వాయిదా తగ్గించాలా. ఆయన చూడకుండా రెండోదాంట్లో టిక్కు పెడతాడు. వాయిదా 40,488కి దిగుతుంది. నెలకు మిగిలిన సుమారు 4,500ను ఆయన మళ్లీ అప్పులోకో పొదుపులోకో తోస్తే పోయేదేమీ లేదు. తోయడు. ఆ సొమ్ము నెలనెలా ఎటు పోయిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, 240 నెలలూ వాయిదా మాత్రం నడుస్తుంది.

ఫండు వైపు మొగ్గినవాడు మరీ జాగ్రత్తపరుడు. బజారు ఇప్పుడు ఎక్కువలో ఉంది, కాస్త దిగాక వేద్దామని 5 లక్షలూ పొదుపు ఖాతాలో ఉంచుతాడు. బజారు దిగుతుంది. ఇంకా దిగుతుందేమోనని ఆగుతాడు. ఎక్కుతుంది. మళ్లీ దిగాక చూద్దామంటాడు. ఇలా ఏళ్లు గడిచాక కూడా సొమ్ము ఆ ఖాతాలోనే ఉంటుంది. ఖాతా మీద వడ్డీ 3 శాతం. 12లోంచి 9 పోతే వచ్చిందీ మూడే కదా. చూశారా, లెక్క ఎంత కచ్చితంగా సరిపోయిందో.