కోటుకు ఒక సైజు, స్కర్టుకు ఇంకో సైజు

ఇంటర్వ్యూ కోసం సూటు కొనాలని కావలి నుంచి మా అక్క కూతురు నెల్లూరు వచ్చింది. ట్రంకు రోడ్డులో ఒక షాపుకి తీసుకెళ్లాను. బ్లేజర్, స్కర్ట్ ఒకే హ్యాంగర్‌కి సెట్టుగా ఉన్నాయి, రెండింటికీ కలిపి ఒకటే సైజు ట్యాగు. ఎస్ వేసుకుంటే కోటు ఒంటికి అతికినట్టు ఉంది కానీ స్కర్టు తొడలు దాటి పైకి రాలేదు. ఎల్‌లో స్కర్టు హిప్ దగ్గర చక్కగా కూర్చుంది, కోటు భుజాలు మాత్రం చేతుల మీదకి జారిపోయాయి. "ఎమ్ తీసుకోండి మేడం, రెండూ అడ్జస్ట్ అవుతాయి" అన్నాడు సేల్స్ కుర్రాడు. "నా ఒళ్లే సరిగ్గా లేదు పిన్నీ" అంది పిల్ల. ఆ మాట నాకు చాలా బాధేసింది, ఎందుకంటే లోపం ఉన్నది ఆ ట్యాగులో.

ఆ కంపెనీ చార్టులో ఎస్ అంటే ఛాతీ 34, నడుము 28, హిప్ 37 అంగుళాలు. ఎమ్ 36-30-39, ఎల్ 38-32-41. ఏ సైజు చూసినా ఛాతీకీ హిప్‌కీ తేడా 3 అంగుళాలే. మా అమ్మాయి కొలతలు 34-29-41, అంటే తేడా 7. పైభాగం ఎస్, కిందిభాగం ఎల్. సైజు పెంచినా తగ్గించినా ఆ 3 అంగుళాల తేడా మారదు కాబట్టి ఏ సెట్టూ ఆమెకి సరిపోదు. మన దేశపు కొలతల కోసం ఫ్యాషన్ చదువుల సంస్థ నిఫ్ట్ త్రీడీ స్కానర్లతో 25 వేల మందిని కొలిచే సర్వే తలపెట్టింది. అది మంచి పనే. కానీ ఎంత మంచి చార్టు వచ్చినా, కోటునీ స్కర్టునీ ఒకే ట్యాగుకి కట్టి అమ్మినంత కాలం ఇలాంటి అమ్మాయిలకి ఒరిగేదేమీ లేదు. షాపులు రెండింటినీ విడివిడిగా అమ్మాలి.

రాజీగా ఎమ్ ఎందుకు వద్దన్నానో చెబుతాను. ఇలాంటి స్కర్టుకి హిప్ దగ్గర ఒంటి కొలత కంటే సుమారు 2 అంగుళాలు లూజు పెడతారు. 39 హిప్‌కి కుట్టిన స్కర్టు కొలిస్తే 41 వస్తుంది. మా అమ్మాయి హిప్ కూడా 41 కాబట్టి ఎక్కుతుంది, జిప్ కూడా పడుతుంది. నిలబడినంతసేపు బాగున్నట్టే ఉంటుంది. కూర్చోగానే అంచు మోకాళ్ల మీదకి పాకుతుంది, నడుము కింద అడ్డంగా ముడతలు పడతాయి, వెనక చీలిక నోరు తెరుస్తుంది. ఇంటర్వ్యూలో ఉండేది కూర్చునే కదా. అందుకే ట్రయల్ రూములో అద్దం ముందు నిలబడి చూసుకుంటే చాలదు, స్టూలు అడిగి కూర్చుని చూడాలి.

కోటుని భుజాలూ ఛాతీ చూసి ఎంచుకోవాలి. భుజం తగ్గించాలంటే చేతులు ఊడదీసి, ప్యాడ్లు తీసి, లైనింగ్ విప్పి మళ్లీ కుట్టాలి. ఖర్చు ఎక్కువ, పైగా పని అందరికీ కుదరదు. మన దగ్గర లేడీస్ టైలర్లలో జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుట్టేవాళ్లే ఎక్కువ. కోటు పని కోట్లు కుట్టే జెంట్స్ టైలర్‌కి ఇవ్వడం మేలు. ఇంకో చిక్కు కూడా ఉంది: కోటు పొడుగ్గా ఉంటే దాని అంచు కూడా హిప్ మీదే బిగుస్తుంది. అందుకే హిప్ ఎక్కువ ఉన్నవాళ్లు హిప్ దాకా రాకుండా దానికి పైనే ఆగిపోయే పొట్టి కోటు చూసుకోవాలి.

స్కర్టుని హిప్ చూసి కొని నడుము తగ్గించుకోవాలి. తగ్గించడం తేలిక, పెంచడానికే లోపల గుడ్డ ఉండదు. రెడీమేడ్‌లో కుట్టు పక్కన అరంగుళం మార్జిన్ ఉంటే గొప్ప. రెండు పక్కలా కలిపి ఒక అంగుళం రావడమే కష్టం.

చివరికి ఇంకో షాపులో విడివిడిగా దొరికాయి, ఎస్ కోటు, ఎల్ స్కర్టు. కోడ్ ఒకటే అయినా రంగు తేడా రావచ్చని రెండింటినీ గుమ్మం బయటికి తెచ్చి ఎండలో పక్కపక్కన పెట్టి చూశాం. స్కర్టు నడుము 3 అంగుళాలు తగ్గాలి. అంతా పక్క కుట్లలోనే లాగితే హిప్ వంపు పాడై పక్కల బుడిపెలా లేస్తుంది. టైలర్ దాన్ని పంచాడు: పక్క కుట్లలో ఒకటిన్నర, వెనక రెండు డాట్లలో అరంగుళం చొప్పున ఒకటి, ముందు రెండు డాట్లలో పావు చొప్పున అర. పక్క కుట్లని నడుము దగ్గర మొదలుపెట్టి కిందికి నాలుగైదు అంగుళాల్లో పాత కుట్టులో కలిపేశాడు. లైనింగ్‌నీ అంతే తగ్గించాడు. పక్కల మిగిలిన గుడ్డ కత్తిరించొద్దని చెప్పి లోపలే ఉంచమన్నాను, రేపు కాస్త ఒళ్లు చేస్తే పనికొస్తుంది.

స్కర్టు వేసుకుని ఆ టైలర్ స్టూలు మీదే కూర్చుంది మా అమ్మాయి. అంచు రెండు వేళ్ల మందం పైకి జరిగి ఆగింది. లేచి నిలబడితే, చేత్తో సర్దకుండానే మళ్లీ కిందికి దిగింది.